అభా కొండ దిగిన ట్రాన్స్‌ఫార్మర్

కాలిపోయిన రోజున కూడా దాని మీదున్న లోడు నేమ్‌ప్లేట్ మీద కొట్టిన అంకెను దాటలేదు. అది 1,000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. 400 వోల్టుల వైపు 1,443 ఆంపియర్లు దాని హద్దు. ఆ పొద్దు పదకొండు గంటలకు లాగ్‌బుక్‌లో 1,420 అని రాసి ఉంది. పన్నెండున్నరకు బుకోల్జ్ రిలే ట్రిప్ ఇచ్చింది. దాంతో క్వారీ మొత్తం మూగబోయింది. హద్దు ఎవరూ దాటలేదు కాబట్టి దాని చావుకు బాధ్యులు ఎవరూ దొరకలేదు.

దాన్ని విప్పి చూసి కారణం రాయమని నన్ను పిలిచారు. సౌదీలో నజ్రాన్ పట్నానికి ఆవల, సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీద ఒక కంకర క్వారీ. చుట్టూ నల్లరాతి గుట్టలు, మధ్యలో ఇసుక. నా చేతికి మొదట వచ్చింది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, దాని కాగితాలు. ఫ్యాక్టరీ టెస్ట్ రిపోర్టు, పాత చోట రాసిన లాగ్‌బుక్కులు, కొత్త చోట రాసినవి, రెండు ఆయిల్ రిపోర్టులు. మనిషి జాతకం చూసినట్టు ఒక రాత్రంతా వాటినే తిరగేశాను. తెల్లవారేసరికి ట్యాంకు మూత తీయకుండానే లోపల ఏం కనబడుతుందో చాలావరకు అర్థమైంది.

దాని మంచి రోజులన్నీ అభాలో గడిచాయి. అభా సౌదీకి నైరుతి మూలన అసీర్ కొండల మీద, దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎడారి దేశంలో ఉన్నామన్న సంగతి అక్కడ మరిచిపోతాం. ఎండాకాలం మధ్యాహ్నాలు కూడా ముప్ఫై దాటి కొద్దిగా పైన ఉంటాయి. సాయంత్రానికి మబ్బు దిగుతుంది. ఏడాది మొత్తం సగటు తీస్తే 20 డిగ్రీల లోపే.

అంత ఎత్తుకని చెప్పే దాన్ని ఆర్డరిచ్చారు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. పలచని గాలి వేడిని తక్కువ మోసుకుపోతుంది, వోల్టేజీని కూడా తక్కువ ఆపుతుంది. ఆపేది తక్కువ కాబట్టి 1,000 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకు బయటి విద్యుత్ దూరాలు 1 శాతం చొప్పున పెంచాలి. దాని 13.8 కేవీ బుషింగులు మామూలు వాటికన్నా పొడుగ్గా ఉండడానికి కారణం అదే. ఇక వేడి లెక్కకు వస్తే, ఐఈసీ 60076-2 ప్రమాణం ప్రకారం ఫ్యాన్లు లేకుండా తనంతట తాను చల్లబడే ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 1,000 మీటర్లు దాటిన ప్రతి 400 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గించుకోవాలి. ఫ్యాన్లు ఉంటే ప్రతి 250 మీటర్లకే ఒక డిగ్రీ పోతుంది. ఫ్యాన్ లేనిది కొంత వేడిని కిరణాల రూపంలో కూడా వదిలేస్తుంది, దానికి గాలితో పనిలేదు. ఫ్యాన్ ఉన్నదాని భారమంతా గాలి మీదే.

అభా 2,200 మీటర్లు. 1,000 పోగా 1,200. అంటే 3 డిగ్రీలు. మామూలుగా పూర్తి లోడు మీద ట్యాంకు పైభాగంలో ఆయిల్, చుట్టూ ఉన్న గాలి కన్నా 60 డిగ్రీల వరకు ఎక్కువ వేడెక్కవచ్చు. దీన్ని ఫ్యాక్టరీలో 57కే కట్టేశారు. కింద, సముద్రమట్టానికి దగ్గర్లో 57 వస్తే, పైన అభాలో పలచని గాలిలో అది 60 అవుతుందన్న లెక్క. టెస్ట్ రిపోర్టులో సరిగ్గా 57 అనే ఉంది. చేసినవాళ్లు ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ ఇవ్వలేదు, తక్కువా ఇవ్వలేదు. అమ్మినవాడు అడిగినంతే ఇస్తాడు, అందులో తప్పేమీ లేదు.

అక్కడ 11 ఏళ్లు పనిచేసింది. ఒక నీళ్ల పంపింగ్ స్టేషన్‌కు కరెంటిచ్చింది. 80 శాతం లోడు, అప్పుడప్పుడు 90. లాగ్‌బుక్కుల్లో ఓటీఐ, అంటే ఆయిల్ ఉష్ణోగ్రత చూపే గడియారం, 75 దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పక్కన కట్టిన కొత్త స్టేషన్‌కు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ రావడంతో దీన్ని దించేశారు. ఆరోగ్యంగా ఉంది, రేటు తక్కువ, వెంటనే దొరుకుతుంది. క్వారీవాళ్లు కొన్నారు.

కొన్నప్పుడు ఒక ప్రశ్న వేశారు, అది కాగితం మీద ఉంది. మా సైటు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది, ఎత్తు వల్ల దీనికేమైనా ఇబ్బందా? జవాబు కూడా ఉంది: 2,200 మీటర్లకు చేసినది, 1,400కు నిక్షేపంగా సరిపోతుంది. నిజమే. ఎత్తు దిగుతోంది కాబట్టి ఇబ్బంది తగ్గుతుందే గాని పెరగదు. అభాలో 3 డిగ్రీలు పట్టుకుపోయిన ఎత్తు, ఇక్కడ ఒక్క డిగ్రీతో సరిపెట్టుకుంటుంది. 2 డిగ్రీలు కలిసొచ్చాయి. రెండో ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. కొండ దిగినప్పుడు గాలి చిక్కబడడమే కాదు, వేడెక్కుతుంది కూడా.

నేమ్‌ప్లేట్ మీద 40 డిగ్రీలు అని ఉంటుంది. చాలామంది చదివేది దాన్నొక్కదాన్నే. దాని వెనక నేమ్‌ప్లేట్ మీద చోటు దొరకని ఇంకో రెండు అంకెలున్నాయి. చుట్టూ ఉన్న గాలి ఎప్పుడూ 40 దాటకూడదు. ఏడాదిలో అతివేడి నెల సగటు 30 దాటకూడదు. ఏడాది మొత్తం సగటు 20 దాటకూడదు. ఈ మూడూ నెరవేరితేనే 1,000 కేవీఏ అన్నమాట నిలుస్తుంది. మూడింటిలో ఏది ఎంత దాటితే, దాటిన వాటిలో పెద్దది ఏదో చూసి, అన్ని డిగ్రీలు ఆయిల్‌కూ వైండింగ్‌కూ ఇచ్చిన హద్దులోంచి కొట్టేయాలి.

నజ్రాన్ ప్రాంతాన్ని తీసుకోండి. మిట్టమధ్యాహ్నం 43 అయితే 40కి 3 ఎక్కువ. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. అసలు దెబ్బ ఏడాది సగటులో ఉంది. ఏడాది సగటు 26 దాకా వెళుతుంది, 20కి 6 ఎక్కువ. ఎడారి మీద అనుభవం లేనివాళ్లు మధ్యాహ్నాన్ని చూసి భయపడతారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను తినేది ఏడాది పొడుగునా తీరికగా కాసే ఆ సగటు వేడి. మధ్యాహ్నపు మంట రెండు మూడు గంటలుంటుంది. టన్నుకు పైగా ఉన్న ఆయిల్ అంతలోనే పూర్తిగా వేడెక్కదు, కొంత తట్టుకుంటుంది. తక్కువ చలి ఉండే శీతాకాలం, చల్లారని రాత్రులు, వీటికి మాత్రం ఏ ఆయిలూ అడ్డం నిలవదు.

అయినా ఇవన్నీ బయటి ఆకాశం కింద లెక్కలు. ట్రాన్స్‌ఫార్మర్ పీల్చేది వాతావరణ కేంద్రం గాలి కాదు, తన రేడియేటర్ల కింద ఉన్న గాలి. ఇక్కడే క్వారీవాళ్ల మంచితనం దాని కొంప ముంచింది.

ఇసుక గాలి కొడుతోందని యార్డుకు మూడు పక్కల రెండున్నర మీటర్ల సిమెంటు బ్లాకుల గోడ కట్టారు. రేడియేటర్ ఫిన్లకూ గోడకూ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు. ఎండ తగలకూడదని పైన రేకులు వేశారు. నీడ మంచిదే, కానీ రేకులు మరీ కిందికి దించారు. ఫిన్ల మీద నుంచి పైకి లేచిన వేడిగాలి రేకును తాకి, పక్కకు మళ్లి, గోడ వెంట దిగి, మళ్లీ కిందనుంచి ఫిన్లలోకే వచ్చేది. తాను వదిలిన వేడిని తానే పీల్చుకుంటూ నిలబడింది.

అక్కడ పనిచేసే ఎలక్ట్రీషియన్ జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. గల్ఫ్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాడు. రెండో వేసవిలో తనంతట తానే రేడియేటర్ కింది అంచు దగ్గర ఒక థర్మామీటర్ వేలాడదీసి, రోజూ మూడు పూటలా రాసిపెట్టాడు. నాకు దొరికిన కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది ఆ చిన్న నోటుబుక్కే. బయట నీడలో 43 ఉన్నప్పుడు గోడల మధ్య 49. వేడి నెల సగటు 38. నోటుబుక్కులో లేని శీతాకాలాన్ని కలిపి చూస్తే ఏడాది సగటు 30 దగ్గరికి తేలింది. మూడు అంకెలకు మూడు తేడాలు: 9, 8, 10. పెద్దది 10.

ఇప్పుడు లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఈ యార్డులో ఆయిల్ పైభాగం గాలి కన్నా 60 డిగ్రీలు వేడెక్కకూడదు, 50 దగ్గరే ఆగాలి. పూర్తి లోడు మీద ఇది ఇక్కడ ఎంత వేడెక్కుతుంది? ఫ్యాక్టరీలో 57, ఎత్తు వల్ల ఒకటి, మొత్తం 58. ఆ ఎనిమిది డిగ్రీలు తగ్గాలంటే లోడు తగ్గాలి. టెస్ట్ రిపోర్టు ప్రకారం దీని లోడు నష్టాలు, ఖాళీగా ఉన్నప్పటి నష్టాలకు 8 రెట్లు. ఐఈసీ లోడింగ్ గైడు సూత్రంలో ఆ 8ని పెట్టి వెనక్కి లెక్కవేస్తే పూర్తి లోడులో 0.9 వంతు వస్తుంది. అంటే 900 కేవీఏ, 1,300 ఆంపియర్లు.

అమెరికావాళ్ల ఐఈఈఈ గైడులో ఇంతకన్నా సులువైన బండలెక్క ఒకటుంది. ఫ్యాన్లు లేని ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రోజు సగటు గాలి 30 డిగ్రీలు దాటితే ప్రతి డిగ్రీకి 1.5 శాతం లోడు తగ్గించమంటుంది. సగటు 38, ఎనిమిది డిగ్రీలకు 12 శాతం. 880 కేవీఏ. రెండు దారుల్లో వెళ్లినా చేరింది దాదాపు ఒకే ఊరికి. ఆ యార్డులో అది 1,000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కాదు. 900కు లోపు ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద తొడిగిన పాత పేరు 1,000.

మొదటి వేసవిలో ఈ తేడా బయటపడలేదు. ఒకటే క్రషర్ నడిచేది, 700 కేవీఏ. ఆ లోడు మీద ఆయిల్ పెరుగుదల 36 డిగ్రీలు. 49 డిగ్రీల మధ్యాహ్నంలో కూడా వైండింగ్‌లో అతివేడి చోటు 95 డిగ్రీల దగ్గరే ఆగింది. ఎవరినీ ఏమీ అడగలేదు, హాయిగా నడిచింది. ఆ మొదటి వేసవి లేకుంటే దాని మీద అంత నమ్మకం కలిగేది కాదేమో.

మరుసటి ఏడు రెండో క్రషర్ తెచ్చారు. ఆంపియర్లు 1,400 పైకి వెళ్లాయి. మేనేజరు నేమ్‌ప్లేట్ చూసి, ఇంకా కొంచెం మిగిలే ఉందని సంతోషపడ్డాడట. జూన్‌లో ఓటీఐ ట్రిప్ ఇవ్వడం మొదలుపెట్టింది. అలారం 85కు, ట్రిప్ 95కు పెట్టి ఉన్నాయి. గాలి 49, పెరుగుదల 58, కలిపితే 107. ఆయిల్ అంత దాకా వెళ్లే లోపే రోజూ మధ్యాహ్నం రెండింటికి 95 దగ్గర బ్రేకరు తెరుచుకునేది.

జగిత్యాల ఎలక్ట్రీషియన్ అప్పటి సంగతి నాకు చెప్పినప్పుడు అతని గొంతులో ఇంకా ఆ విసుగుంది. "అన్నా, మళ్ల ట్రిప్ అయిందని ఫోన్ జేస్తే, లోడ్ ఎంతుందని అడుగుడే. నేంప్లేట్ లోపల్నే ఉన్నదంటే, అయితే మీటర్ ఖరాబైంది, మార్చు అనుడు. కొత్త మీటర్ తెచ్చి పెట్టిన. గది గూడ అదే జూపెట్టింది."

రెండు మీటర్లు ఒకే మాట చెబితే మీటరు తప్పు కాదని తెలియాలి. అక్కడివాళ్లకు మాత్రం సెట్టింగు తప్పు అనిపించింది. అలారం 105కు, ట్రిప్ 115కు జరిపారు. ఎవరో స్క్రూడ్రైవరు పట్టి రెండు చిన్న సూచికలను ముందుకు తిప్పిన పని అది, రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రోజు నుంచి లాగ్‌బుక్‌లో ట్రిప్పులు లేవు. చదువుతుంటే అంతా బాగుపడినట్టే ఉంటుంది. నిజానికి ఐఈసీ లోడింగ్ గైడు మామూలు రోజువారీ లోడుకు ఆయిల్ పైభాగం 105 దాటొద్దంటుంది. కొత్త సెట్టింగులో ఆ హద్దు దాటిన తర్వాతే ట్రాన్స్‌ఫార్మర్‌కు నోరు విప్పే అవకాశం.

లోపల ఏం జరుగుతోందో ఓటీఐకి తెలియదు. అది ఆయిల్ వేడిని చూపుతుంది. రాగి చుట్లలో అతివేడి చోటు ఆయిల్ కన్నా పూర్తి లోడు మీద ఇంకో 18 డిగ్రీలు పైన ఉంటుంది. 49, 58, 18 కలిపితే 125. ఆ రాగికి చుట్టినది కాగితం. ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు అంటే ఆ కాగితం ఆయుష్షే. ఆయిల్ మార్చవచ్చు, గాస్కెట్లు మార్చవచ్చు, బుషింగులు మార్చవచ్చు. లోపలి కాగితాన్ని మార్చడమంటే కొత్త వైండింగు చుట్టడమే.

మామూలు కాగితానికి ఐఈసీ గైడు పెట్టుకున్న కొలబద్ద 98 డిగ్రీలు. అతివేడి చోటు 98 దగ్గర ఉంటే కాగితం గంటకు గంట చొప్పున ముసలిదవుతుంది. అక్కడి నుంచి ప్రతి 6 డిగ్రీలకు ఆ వేగం రెట్టింపు:

```
V = 2^((θ − 98) / 6)
```

104 దగ్గర గంటకు రెండు గంటలు, 110 దగ్గర నాలుగు, 116 దగ్గర ఎనిమిది. 125 నిలకడగా ఉంటే గంటకు 22 గంటలకు పైనే. రాత్రి గాలి 32కు దిగినా, రెండో షిఫ్టు నడుస్తున్నంతసేపు అతివేడి చోటు 108 దగ్గరే ఉంటుంది, అంటే మూడింతల వేగం. ఆయిల్ మెల్లగా వేడెక్కడం వల్ల మధ్యాహ్నపు శిఖరం కొంత తెగుతుంది. శీతాకాలం కొంత ఊరటనిస్తుంది. అన్నీ సర్దుకున్నాక కూడా ఏడాది మొత్తానికి నాలుగు రెట్ల వేగం తేలింది. ఇది పొడి కాగితం లెక్క. కాగితంలో తడి చేరితే వేగం ఇంకొన్ని రెట్లు పెరుగుతుంది. కాగితం కుళ్లేటప్పుడు పుట్టే వాటిలో నీళ్లు కూడా ఒకటి. అంటే అది తన తడిని తానే తయారు చేసుకుంటుంది, ఆ తడి మళ్లీ దాన్నే తింటుంది.

అభాలో 11 ఏళ్లు బతికి చెక్కుచెదరనిది, ఇక్కడ ఒక్కో ఏడాదిలో నాలుగేళ్లు పోగొట్టుకుంటోంది. బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు. రంగు వెలిసిన ట్యాంకు, సన్నటి హమ్మింగు.

దాన్ని చల్లబరచాలని ప్రయత్నించనివాళ్లు లేరు. సాయంత్రాలు రేడియేటర్ల మీద పైపుతో నీళ్లు కొట్టేవారు. మన దగ్గర కూడా మే నెలలో సబ్‌స్టేషన్లలో కనబడే దృశ్యమే. కొట్టిన అరగంట ఓటీఐ రెండు మూడు డిగ్రీలు దిగేది. ఆ నీళ్లు బోరునీళ్లు, ఉప్పునీళ్లు. ఆరిపోయాక ఫిన్ల మీద తెల్లటి చారలు మిగిలేవి. ఆ చారలకు ఇసుక దుమ్ము అంటుకునేది. మరునాడు మళ్లీ నీళ్లు, మళ్లీ చార. నేను వెళ్లేసరికి ఫిన్ల మధ్య సందుల్లో గోరుతో గీకితే పెచ్చుగా ఊడే పొర పేరుకుని ఉంది. కింది భాగంలో రెండు ఫిన్ల మధ్య వేలు పట్టాల్సిన చోట పెన్సిలు కూడా పట్టలేదు. ఆ పెచ్చు ఇంకెన్ని డిగ్రీలు కలిపిందో నా లెక్కలో లేదు.

దాని మాట వినడానికి ఇంకో అవకాశం కూడా వచ్చింది. రెండో వేసవి అయ్యాక ఆయిల్ శాంపిలు ల్యాబుకు పంపారు. రిపోర్టు వచ్చింది. ఎసిటిలీన్ లేదు. హైడ్రోజన్ మామూలు. ఈ రెండు వరుసలకు ఎదురుగా ఎవరో పెన్నుతో టిక్కులు పెట్టారు. ఎసిటిలీన్ లేదంటే లోపల ఆర్కింగ్ లేదన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టే అని తేల్చుకుని ఫైలు మూసేశారు. కింది వరుసల్లో కార్బన్ మోనాక్సైడు, కార్బన్ డయాక్సైడు రెండూ అభా రిపోర్టు కన్నా బాగా పెరిగి ఉన్నాయి. అవి ఆయిల్ నుంచి కన్నా ఎక్కువగా కాగితం నుంచి వచ్చే వాయువులు. అన్నిటికన్నా కింద ఒక్క వరుస: 2-ఫర్ఫ్యూరాల్, 2.5 పీపీఎం. కాగితం విరిగేటప్పుడు మాత్రమే ఆయిల్‌లోకి కారే పదార్థం అది. దాని నుంచి కాగితం స్థితిని అంచనా కట్టే సూత్రాల్లో చెండాంగ్ సూత్రం ఒకటి:

```
log10(2FAL) = 1.51 − 0.0035 × DP
```

డీపీ అంటే కాగితంలోని సెల్యులోజ్ గొలుసుల సగటు పొడవు. కొత్త కాగితంలో అది 1,000 దాకా ఉంటుంది. 200కు దిగితే కాగితానికి బలం ఉండదు, ఆయుష్షు తీరినట్టే. 2.5ను సూత్రంలో పెడితే 320 వస్తుంది. అది కూడా ట్యాంకులోని కాగితమంతటికీ సగటు. పైన అతివేడి చోట ఉన్నది ఎప్పుడూ సగటు కన్నా ఘోరంగా ఉంటుంది. ఆ వరుస పక్కన టిక్కూ లేదు, ప్రశ్నార్థకమూ లేదు.

ఆ రోజున ఎవరైనా 1,300 ఆంపియర్ల దగ్గర గీత గీసి ఉంటే సరిపోయేది. రెండో క్రషర్‌కు చెందిన ఒక కన్వేయరూ జల్లెడా రాత్రి షిఫ్టుకు జరిపితే ఆ గీత లోపలికి వచ్చేది. ఎదురుగా ఉన్న గోడను కూలగొడితే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు దిగేది. ఫ్యాన్లు బిగించినా మేలు జరిగేది. ఇవేవీ పెద్ద డబ్బుతో ముడిపడిన పనులు కావు. గోడ కూల్చడానికి క్వారీలో మిషన్లకు కొదవా?

మూడో వేసవి జూలైలో ఒక మధ్యాహ్నం రెండో క్రషర్ నోట్లో పెద్ద బండ ఇరుక్కుంది. మోటారు ఆగింది. బండ తీసి మళ్లీ స్టార్టు చేశారు. స్టార్టింగ్‌లో మోటారు లాగే కరెంటు మామూలు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ, ఆ క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు ఒకదాన్నొకటి లాగుకుని వదులుతాయి. ఇలాంటి కుదుపులు ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ మామూలే. కొత్త కాగితం వాటిని లెక్కచేయదు. ఎందుకంటే కాగితం వయసయ్యేకొద్దీ పోగొట్టుకునేది వోల్టేజీని ఆపే గుణం కాదు, అది దాదాపు చివరిదాకా ఉంటుంది. పోయేది సాగే గుణం, వంగే గుణం. ముసలి కాగితం కదలనంతవరకు పనిచేస్తుంది. కదిలితే పగులుతుంది. ఆ పూట స్టార్టు చేసిన రెండో ప్రయత్నంలో బుకోల్జ్ కొట్టింది. రిలే గాజు కిటికీలో ఆయిల్ మట్టం కిందికి జారి, పైన గ్యాసు చేరిందని మొదట చూసింది జగిత్యాల ఎలక్ట్రీషియనే.

ట్యాంకు మూత ఎత్తిన రోజున ఆయిల్ వాసన ఒక్కటే చాలు. పులిసిన, మాడిన వాసన. రంగు చిక్కటి బెల్లం పాకం. కోరును పైకి లేపి దించాం. మధ్య ఫేజ్ హెచ్‌టీ వైండింగ్‌లో పైనుంచి మూడో డిస్క్ దగ్గర రాగి కరిగి పూసలా గడ్డకట్టింది. అక్కడే రెండు చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. నేను దెబ్బ తగిలిన ఫేజ్ వదిలేసి, దెబ్బ తగలని పక్క ఫేజ్ పైచుట్టు కాగితాన్ని ముట్టుకున్నాను. ముదురు గోధుమరంగు. గోరుతో అంచు లేపి కాస్త వంచాను. మడత పడకుండానే విరిగింది, చేతిలో పొడి మిగిలింది. అదే వైండింగ్ కింది చుట్టు నుంచి తీసిన కాగితం లేత గోధుమరంగులో ఉండి, రెండు సార్లు మడిచినా తెగలేదు. కింద చల్లటి ఆయిల్, పైన వేడి ఆయిల్. ఒకే వైండింగ్‌కు కిందన నడివయసు, పైన చావు. శాంపిళ్లు ల్యాబుకు పంపితే పై కాగితం డీపీ 200 లోపు వచ్చింది. కిందిది 500 దాటింది.

ఆ మూడో డిస్క్ కాగితం అభాలోనే ఉండి ఉంటే ఇంకో పదిహేనేళ్లు మడత పడుతూనే ఉండేదని నాకు గట్టి నమ్మకం. అక్కడ 80 శాతం లోడు మీద దాని అతివేడి చోటు 98కి చాలా దిగువనే ఉండేది.

నేను నా రిపోర్టులో గాలి సగటు 30, గోడ, పెచ్చు కట్టిన ఫిన్లు, సెట్టింగుల మార్పు, 900 కేవీఏ లెక్క అన్నీ రాశాను. బీమా కాగితాల్లో మాత్రం ఒక్క మాటే వెళ్లిందని తర్వాత తెలిసింది. యంత్రం వయసు 14 ఏళ్లు, ముసలితనం వల్ల చెడిపోయింది. ఒక రకంగా అబద్ధం కాదు. ముసలిదైన మాట నిజం. 14 ఏళ్లకు అయిందన్నదే తప్పు. చివరి రెండేళ్లలోనే అది ఎన్నో ఏళ్లు బతికింది.

దాని రాగిని తూకానికి అమ్మారు. ఆయిల్ డ్రమ్ముల్లో పోయింది. పొడుగు బుషింగులు రెండు ఇంకా స్టోర్‌లో ఉన్నాయి, ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కూ సరిపోవడం లేదట.

కొత్తదానికి ఆర్డరు పెట్టేటప్పుడు ఈసారి మూడు అంకెలూ రాయించాం. గరిష్ఠం 50, నెల సగటు 40, ఏడాది సగటు 30. అలా రాస్తే ఐఈసీ పట్టిక ప్రకారం ఆయిల్ పెరుగుదల 50, వైండింగ్ సగటు పెరుగుదల 55 దాటకూడదు. ఫ్యాక్టరీలో టెస్ట్ చేసేటప్పుడు 1,400 మీటర్ల ఎత్తు కోసం వాటిలోంచి ఇంకొక్క డిగ్రీ తగ్గాలి. 1,250 కేవీఏ తీసుకున్నారు, లోడు 1,000. ఎదురుగోడ కూల్చారు, రేకులు పైకి లేపారు. పడమటి గోడ మాత్రం ఇసుక గాలికి అడ్డమని అలాగే ఉంచారు, దాన్ని రేడియేటర్ల నుంచి దూరం జరిపి మళ్లీ కట్టారు. ఓటీఐ సెట్టింగులు 85, 95. కిందటి జూలైలో జగిత్యాల ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసినప్పుడు మధ్యాహ్నం మూడింటికి ఎంత ఉందని అడిగాను. 82 అన్నాడు. నీళ్లు కొడుతున్నారా అని అడిగితే, పైపును డీజిల్ జనరేటరు దగ్గరికి తీసుకుపోయారని చెప్పాడు.